ఇళ్ళు గీసేవాళ్ళకు అందే తప్పుడు సలహాలు

శాటిలైట్ ఇమేజ్ మీద ఇళ్ళ హద్దులు గీసే పనిలో చేరినవాళ్ళకు సీనియర్ల నుంచి తరచు మూడు సలహాలు అందుతాయి. "స్నాపింగ్ టాలరెన్స్ ఎక్కువ పెట్టుకో, గీతలు వాటంతటవే కలుస్తాయి." "డాబా అంచు పట్టుకుని గీసెయ్, ఇల్లంటే అదే." "అట్రిబ్యూట్లు ఆఖర్న నింపొచ్చు, ముందు పాలిగాన్లు కానీ." పని త్వరగా తెమలాలనే ఈ మాటలు చెబుతారు, చెడు ఉద్దేశమేమీ ఉండదు. విడివిడిగా ఉన్న ఇళ్ళ కాలనీల్లో వీటివల్ల పెద్ద నష్టం కనిపించదు కూడా. కానీ విజయవాడ వన్ టౌన్ లాంటి చోట, ఇల్లూ ఇల్లూ గోడ పంచుకున్న వరసల్లో, ఈ మూడూ కలిస్తే ఒకరి స్థలం ఇంకొకరి ఖాతాలో పడుతుంది.

ముందు టాలరెన్స్ సంగతి చూద్దాం. QGISలో దాన్ని పిక్సెళ్ళలో పెట్టవచ్చు, నేల కొలతలోనూ పెట్టవచ్చు. పిక్సెళ్ళలో పెడితే అది స్క్రీన్ మీది దూరం. జూమ్ మారినప్పుడల్లా నేల మీద దాని విలువ మారిపోతుంది. 12 పిక్సెళ్ళు పెట్టారనుకోండి. మామూలు 96 డీపీఐ స్క్రీన్ మీద 1:500 స్కేల్లో అది సుమారు 1.6 మీటర్లు, 1:1000 దగ్గర 3.2 మీటర్లు, 1:2000 దగ్గర 6 మీటర్లు దాటుతుంది. అంటే ఒకే రోజు, ఒకే మనిషి, ఒకే వీధిలో మూడు రకాల నియమాలతో గీస్తున్నట్టు. కాస్త జూమ్ వెనక్కి తీసి గీస్తే, మీటరున్నర సందుకు ఇవతలి ఇంటి మూల ఎగిరి అవతలి ఇంటి గోడకు అతుక్కుంటుంది. సందు మాయమవుతుంది. అట్రిబ్యూట్ టేబుల్ చూసినా, టోపాలజీ చెక్ నడిపినా ఇది బయటపడదు. గీతలు చక్కగా కలిసి ఉన్నాయి కదా! సందుల మీదుగా రోడ్ల లేయర్ వేసి చూసినప్పుడే దొరుకుతుంది.

అందుకని టాలరెన్స్ మీటర్లలోనే పెట్టండి. ఇమేజ్‌లో ఒక పిక్సెల్ నేల మీద 30 సెంటీమీటర్లయితే, అంతకన్నా తక్కువ పెట్టి లాభం లేదు. మన చెయ్యే అంత నిలకడగా ఉండదు. ఆ బస్తీలోని అతి ఇరుకైన సందులో సగం కన్నా ఎక్కువా పెట్టకూడదు. మీటరున్నర సందులున్న చోట అర మీటరు సరిపోతుంది. ప్రాజెక్ట్ కూడా మీటర్ల కొలతలోనే ఉండాలి. విజయవాడకు EPSG:32644 పనికొస్తుంది. డిగ్రీల్లో ఉండే EPSG:4326లో 0.5 అని రాస్తే అది అర డిగ్రీ. అంటే నేల మీద 50 కిలోమీటర్ల పైమాటే.

రెండో సలహా ఇంకా నష్టం చేస్తుంది, ఎందుకంటే ఇమేజ్ చూస్తుంటే అదే నిజమనిపిస్తుంది. శాటిలైట్ సూటిగా నడినెత్తి నుంచి చూడటం అరుదు. పక్కనుంచి చూసినప్పుడు ఎత్తైన ఇంటి డాబా తన పునాది మీద కాకుండా, శాటిలైట్‌కు అవతలి వైపు జరిగి కనిపిస్తుంది. ఎంత జరిగిందో లెక్క కట్టవచ్చు. ఇమేజ్‌తో వచ్చే మెటాడేటాలో శాటిలైట్ ఎంత ఎత్తు కోణంలో ఉందో ఉంటుంది, కొన్ని కంపెనీల ఫైళ్ళలో దాని పేరు `meanSatEl`. ఏ దిక్కున ఉందో `meanSatAz` చెబుతుంది. ఇంటి ఎత్తును ఆ ఎత్తు కోణం టాంజెంట్‌తో భాగిస్తే జరిగిన దూరం వస్తుంది:

```
shift = height / tan(radians(meanSatEl))
```

కోణం 70 డిగ్రీలు, శాటిలైట్ దక్షిణాన ఉందనుకుందాం. దక్షిణం నుంచి ఉత్తరానికి వరసగా మూడు ఇళ్ళు, ఒక్కొక్కటి 6 మీటర్ల వెడల్పు, 12 మీటర్ల పొడవు, మధ్య గోడలు ఉమ్మడి. రెండు కొసల ఇళ్ళకూ కింది అంతస్తు మాత్రమే ఉంది, మధ్య ఇల్లు జీ ప్లస్ టూ. అంతస్తుకు 3 మీటర్ల చొప్పున లెక్కవేస్తే కొసల డాబాలు 1.1 మీటరు, మధ్య డాబా 3.3 మీటర్లు ఉత్తరానికి జరుగుతాయి. దక్షిణపు ఇంటి డాబాకూ మధ్య డాబాకూ నడుమ 2.2 మీటర్ల పట్టీ కనిపిస్తుంది. అది ఖాళీ జాగా కాదు, మధ్య ఇంటి గోడే. ఉత్తరాన మధ్య ఇంటి డాబా పక్కింటి డాబాను 2.2 మీటర్ల మేర కప్పేస్తుంది.

ఇప్పుడు డాబా అంచు పట్టుకుని, 1:1000 దగ్గర 12 పిక్సెళ్ళ స్నాపింగ్‌తో గీయండి. మధ్య ఇంటి దక్షిణ మూలలు ఎగిరి దక్షిణపు ఇంటి అంచుకు అతుక్కుంటాయి, ఉత్తర మూలలు మాత్రం జరిగిన చోటే ఉంటాయి. 12 మీటర్ల ఇల్లు 14.2 అవుతుంది, ఉత్తరపు ఇల్లు 9.8కి కుదించుకుపోతుంది. ఆరు మీటర్ల వెడల్పుకు తేడా 13 చదరపు మీటర్లు, దాదాపు 16 గజాలు. ఖాళీ లేదు, ఓవర్‌ల్యాప్ లేదు, టోపాలజీ చెకర్ అంతా సవ్యమేనంటుంది. ఆస్తిపన్ను లెక్కకు ఈ పాలిగాన్ వాడితే ఆ 16 గజాలు ఎవరి మీద పడతాయో ఆలోచించండి.

పని వరస మార్చాలి. ముందు పక్కింటికి స్నాప్ చేయకుండా, ఒక్కో డాబాను విడిగా, పిట్టగోడ బయటి అంచు వెంబడి గీయండి. తర్వాత Move Feature(s) పనిముట్టుతో పాలిగాన్ మొత్తాన్ని పునాది మీదికి జరపండి. గోడ నేలను తాకే మూల కనిపిస్తే అక్కడికే జరపండి, కనిపించకపోతే పై లెక్క వాడండి. అన్ని ఇళ్ళూ నేలకు దిగాక అప్పుడు స్నాపింగ్ పెట్టి, ఉమ్మడి గోడలు మాత్రమే కలపండి. అరమీటరులోపు తేడా వస్తే అది చేతి తేడా, కలిపెయ్యవచ్చు. అంతకు మించితే ఎత్తు తప్పో, నిజంగానే సందు ఉందో చూడాలి. కలిపేటప్పుడు Topological Editing ఆన్ చేసి ఉంచండి. పొడవాటి గోడ మధ్యలో పక్కింటి మూల తగిలే చోట రెండు పాలిగాన్లకూ వెర్టెక్స్ ఉండాలి. లేకపోతే తర్వాత ఒక ఇంటిని సవరించినప్పుడు సన్నటి చీలిక పుడుతుంది.

ఇంతవరకూ చదివినవారికి మూడో సలహాలోని తప్పు తెలిసిపోయి ఉంటుంది. అంతస్తుల సంఖ్య తెలియకుండా డాబాను ఎంత జరపాలో తెలియదు. అట్రిబ్యూట్ అనేది గీత పూర్తయ్యాక అంటించే చీటీ కాదు, గీతను నిలబెట్టే కొలత. పాలిగాన్ ముగించగానే ఫారం తెరుచుకునేలా పెట్టుకుని, `floors` ఫీల్డ్ ఖాళీగా వదిలితే సేవ్ కాకుండా నియమం పెట్టండి. అది అంకెల ఫీల్డే కావాలి. టెక్స్ట్ ఫీల్డ్ ఇస్తే ఒకరు "G+1", ఇంకొకరు "g+1", మరొకరు "2 అంతస్తులు" అని రాస్తారు, వీటిని తర్వాత ఏకం చేయడం చిన్న పని కాదు. డాబా మీది పెంట్‌హౌస్‌ను అంతస్తుగా లెక్కించాలా, రేకుల షెడ్డును విడిగా గీయాలా, పెంకుటింటి చూరు ఎంత లోపలికి తగ్గించాలి అన్నవి మొదటి పాలిగాన్‌కు ముందే తేల్చి, పైకప్పు రకాలకు వాల్యూ మ్యాప్ జాబితా ఇవ్వండి.

ఇంకొక ఫీల్డ్ తప్పనిసరి అంటాను, చాలామంది పెట్టరు. హద్దు ఎలా వచ్చిందో చెప్పే `base_src`. పునాది కనిపించి గీస్తే 1, డాబాను లెక్కతో జరిపితే 2, పక్క ఇల్లు కప్పేయడంతో ఊహించి గీస్తే 3. మన వరసలో ఉత్తరపు ఇంటికి 3 పడుతుంది, దాని దక్షిణపు గోడ మధ్య ఇంటి డాబా చాటున ఉంది కాబట్టి. 3 పడిన ఇళ్ళన్నీ వేరే రంగులో చూపించి, టేపు పట్టుకుని వెళ్ళే సర్వేవాళ్ళకు ఆ మ్యాపు ఇవ్వండి. వాళ్ళు కొలిచి తెచ్చిన గోడకే రెండు ఇళ్ళనూ స్నాప్ చేయండి.