‘ఇతరములు’ అనే ఊరు

గుంటూరు నుంచి నంద్యాల వెళ్లే రైలెక్కితే దొనకొండ దాటాక మార్కాపురం రోడ్డు, తర్లుపాడు, కంభం, గిద్దలూరు, దిగువమెట్ట వస్తాయి. ఆపైన నల్లమల అడవి. ఈ దారిలో ఎన్నేళ్లు తిరిగినా కంటపడని ఊరొకటి ఉంది. దానికి స్టేషన్ లేదు, బస్టాండు లేదు, పంచాయతీ అసలే లేదు. అయినా నెలనెలా అక్కడ అమ్మకాలు జరుగుతూనే ఉంటాయి. అమ్మకాల పట్టికలో ఊళ్లన్నీ అయిపోయాక, గ్రాండ్ టోటల్‌కు సరిగ్గా ఒక మెట్టు పైన ఉంటుంది. దాని పేరు ‘ఇతరములు’.

నెలాఖరు రాత్రి తొమ్మిదిన్నరకు, ఇంటికెళ్లాలన్న తొందరలోంచి పుట్టే ఊరది. మేనేజర్ గారు ఫోన్లో ఒకటే ప్రశ్న అడుగుతారు: “అడ్డం, నిలువు కలిసిందా?” ఇటునుంచి ఒకటే జవాబు: “కలిసింది సార్.” ఆ మాటతో లెక్కకు సకల పాపాలూ పోతాయి. కంప్యూటర్ మూతపడుతుంది, పట్టిక పైఆఫీసుకు వెళ్తుంది, అక్కడివాళ్లు దాన్ని నమ్ముతారు.

ఆ కలవడం ఎలాంటిదో ఒక ఉదాహరణతో చూద్దాం. మార్కాపురంలో స్కూలు సామాను హోల్‌సేల్‌గా అమ్మే ఏజెన్సీ ఒకటుందనుకోండి. పలకల ఊరు కాబట్టి పలకలు ఎలాగూ ఉంటాయి. నాలుగు శాఖలు, మూడు రకాల సరుకు. జూన్ నెల అమ్మకాలు, వేల రూపాయల్లో:

| | నోటుపుస్తకాలు | పలకలు | పెన్నులు | మొత్తం |
|---|---|---|---|---|
| మార్కాపురం | 412 | 138 | 96 | 646 |
| గిద్దలూరు | 365 | 84 | 71 | 520 |
| కంభం | 187 | 62 | 45 | 294 |
| యర్రగొండపాలెం | 143 | 57 | 38 | 238 |
| మొత్తం | 1107 | 341 | 250 | 1698 |

ఇది నిజమైన లెక్క. కుడిచేతి నిలువు వరసను కూడినా 1698, అడుగు వరసను కూడినా 1698. కానీ ఆ రాత్రి కంప్యూటర్‌లోకి ఎక్కింది ఇది కాదు. గిద్దలూరు నోటుపుస్తకాల గడిలో 365కు బదులు 356 పడింది. వేళ్లు అలిసిపోయినప్పుడు అంకెలు చోట్లు మార్చుకోవడం మామూలే.

ఇప్పుడు వినోదం చూడండి. గిద్దలూరు మొత్తం 520 బదులు 511 వచ్చింది. నోటుపుస్తకాల మొత్తం 1107 బదులు 1098 వచ్చింది. అడ్డంగా వచ్చిన మొత్తాలు కూడితే 1689. నిలువుగా వచ్చినవి కూడితే అదీ 1689. కలిసింది సార్! తొమ్మిది వేల రూపాయలు పోయాయి, అయినా పట్టికలో చీమ చిటుక్కుమనలేదు.

చిటుక్కుమనదు కూడా. రెండు మొత్తాలూ అవే పన్నెండు గడుల్లోంచి వచ్చాయి. అవే పన్నెండు అంకెలను ముందు అడ్డంగా, తర్వాత నిలువుగా కూడితే ఒకే జవాబు వస్తుందని పలక పట్టిన పిల్లవాడికీ తెలుసు. తప్పు గడిలో ఉంటే అది రెండు దారుల్లోనూ సమానంగా ప్రయాణిస్తుంది. ఒకే మనిషిని రెండు కిటికీల్లోంచి చూసి ఇద్దరు సాక్షులు దొరికారని సంబరపడటం లాంటిది ఇది.

పాత గుమాస్తాలను తక్కువ చేయడానికి లేదు. చిట్టా, ఆవర్జాల కాలంలో అడ్డం నిలువు కలపడానికి అర్థం ఉండేది. ఒకరు వరసలు కూడేవారు, ఇంకొకరు నిలువులు కూడేవారు. నోటితో కూడే లెక్కలో మిగులు మరిచిపోవడం, ఒక అంకె దాటేయడం రోజూ జరిగేవి. ఆ తప్పులు రెండు దారుల్లోనూ ఒకే చోట, ఒకేలా పడటం అరుదు కాబట్టి రెండు మొత్తాలూ కలిసే మూలగడిలో తేడా బయటపడేది. అంటే అప్పట్లో పరీక్ష కూడికకు. ఇప్పుడు కూడేది యంత్రం, అది కూడికలో తప్పదు. తప్పేది గడి నింపిన చెయ్యి. మన ఆఫీసులేమో ఎప్పుడూ ఫెయిల్ కాని కూడికకు పరీక్ష పెట్టి, ఎప్పుడూ ఫెయిలయ్యే గడిని పరీక్ష లేకుండానే పాస్ చేస్తున్నాయి.

ఇంకో ముచ్చట. గిద్దలూరు నుంచి వాట్సాప్‌లో వచ్చిన 365ను కాపీ చేసి అతికించారనుకోండి. వెనకాల కంటికి కనపడని ఖాళీ ఏదో అంటుకుని వస్తే ఎక్సెల్ దాన్ని అంకెగా కాక అక్షరాలుగా తీసుకోవచ్చు. చూడటానికి 365 అనే ఉంటుంది, కానీ `SUM` దాన్ని లెక్కలోకి తీసుకోదు. అడ్డంగానూ తీసుకోదు, నిలువుగానూ తీసుకోదు. మూడు లక్షల అరవై అయిదు వేలు మాయమైనా మూలగడి నవ్వుతూనే ఉంటుంది. అనుమానం వస్తే గడిని చూడండి: ఎవరూ జరపకపోతే అంకె కుడివైపుకు, అక్షరం ఎడమవైపుకు ఆనుకుని కూర్చుంటాయి.

మరి మూలగడి పూర్తిగా దండగేనా? కాదు. ఫార్ములా పరిధి తెగితే అది పట్టుకుంటుంది. యర్రగొండపాలెం కింద కొత్తగా బేస్తవారిపేట వరస చేర్చారు, కుడివైపు మొత్తం దాన్ని కలుపుకుంది, అడుగు ఫార్ములాలు మాత్రం పాత నాలుగు ఊళ్ల దగ్గరే ఆగిపోయాయి. అప్పుడు రెండు వైపుల తేడా సరిగ్గా బేస్తవారిపేట మొత్తమంత ఉంటుంది. తేడా ఏదో ఒక వరస మొత్తానికి సమానమైతే ఆ వరసే బయట నిలబడిందని అర్థం. అయితే ఈ మేలు జరగాలంటే మూలగడికి రెండు దారులూ ఉండాలి. చాలా పట్టికల్లో ఉండేది ఒక్క దారే. ఒకవైపు కూడి అక్కడ పెడతారు, రెండోవైపు కూడటం దేవుడికి వదిలేస్తారు. కంభం చెరువు గట్టు సగమే కట్టి నీళ్లు ఆగాయన్నట్టు. నాలుగు ఊళ్ల పట్టికకైతే పక్క గడిలో ఇది రాస్తే ఆ లోటు తీరుతుంది, సున్నా రావాలి, కొత్త వరస చేర్చినప్పుడు ఇందులోని పరిధినీ పెంచాలి:

```
=ROUND(SUM(E2:E5)-SUM(B6:D6),2)
```

ఇప్పుడు మన ‘ఇతరములు’ ఊరికి తిరిగొద్దాం. మేనేజర్ గారి డైరీలో నాలుగు శాఖలు ఫోన్లో చెప్పిన మొత్తాలున్నాయి: 646, 520, 294, 238. కూడితే 1698. పట్టికేమో 1689 అంటోంది. తొమ్మిది వేలు తేడా. అది ఎక్కడుందో వెతకడం ఒక పద్ధతి. మన దగ్గర రెండో పద్ధతికే ఆదరణ ఎక్కువ: కింద ఒక వరస చేర్చి, ‘ఇతరములు’ అని పేరు పెట్టి, పెన్నుల గడిలో 9 వేయడం. పెన్నులే ఎందుకంటే పెన్నులను ఎవరూ లెక్కపెట్టరు కాబట్టి. ఇక గ్రాండ్ టోటల్ 1698, డైరీతోనూ కలిసింది. నోటుపుస్తకాలు తొమ్మిది వేలు తక్కువ, పెన్నులు తొమ్మిది వేలు ఎక్కువ, గిద్దలూరు తొమ్మిది వేలు తక్కువ. ఒక్క తప్పు మూడు అబద్ధాలను పిల్లలు పెట్టింది, మొత్తం మాత్రం నిఖార్సయిన నిజం! వచ్చే ఏడాది గిద్దలూరుకు నోటుపుస్తకాలు తగ్గించి, పెన్నులు పెంచి పంపితే అక్కడి శాఖవాళ్లు తల గోక్కోవాల్సిందే.

వెతికితే ఎంత పని? ముందు డైరీలోని శాఖల మొత్తాలను పట్టికలోని వరసల పక్కన పెట్టాలి. మూడు ఊళ్లు కలుస్తాయి, గిద్దలూరు ఒక్కటే 9 తక్కువ చూపిస్తుంది. తర్వాత గోడౌన్ స్టాకు రిజిస్టర్ తీయాలి. నెల మొదట్లో ఉన్న సరుకుకు వచ్చింది కలిపి, మిగిలింది తీసేస్తే ఏ సరుకు ఎంత పోయిందో వస్తుంది, దాన్ని అమ్మకం ధరలోకి మార్చాలి. పలకలు, పెన్నులు కలుస్తాయి, నోటుపుస్తకాలు 9 తక్కువ. గిద్దలూరు వరస, నోటుపుస్తకాల నిలువు ఎక్కడ కలుసుకుంటాయో ఆ గడే దొంగ. పైగా తేడా తొమ్మిదితో భాగించబడుతోంది. అంకెలు చోట్లు మారినప్పుడు వచ్చే తేడా ఎప్పుడూ తొమ్మిదితో నిశ్శేషంగా పోతుంది. కాబట్టి 356ను తిప్పి చూడాలని ఆ తొమ్మిదే చెబుతోంది. బిల్లు పుస్తకం తెరిస్తే పది నిమిషాల పని.

కిటుకంతా డైరీ, గోడౌన్ మొత్తాలు రెండూ పట్టిక బయటినుంచి రావడంలో ఉంది. ఎన్నికల సంఘానికి ఈ సంగతి బాగా తెలుసు. గిద్దలూరు నియోజకవర్గం ఫలితాల పట్టిక ఫారం 20లో వరసలు పోలింగ్ కేంద్రాలు, నిలువులు అభ్యర్థులు. ఒక కేంద్రంలో అభ్యర్థులకు, నోటాకు పడ్డ ఓట్లన్నీ కూడి, పోలింగ్ రోజునే ప్రిసైడింగ్ అధికారి ఫారం 17సిలో రాసి సంతకం పెట్టిన సంఖ్యతో పోలుస్తారు. ఆ సంఖ్య లెక్కింపు హాల్లో పుట్టింది కాదు. అందుకే దానికి సాక్ష్యం విలువ. అక్కడ ‘ఇతరములు’ అనే పోలింగ్ కేంద్రం చేర్చి తొమ్మిది ఓట్లు వేస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

ఇక కలవకపోవడమే నిజాయితీ అయిన సందర్భమూ ఉంది. పైఆఫీసు వారికి వేలు కూడా చిన్నచూపు, లక్షల్లో కావాలంటారు. సరైన పట్టికనే తీసుకుని శాఖల మొత్తాలను దగ్గరి లక్షకు సవరిస్తే 6, 5, 3, 2. కూడితే 16. సరుకుల మొత్తాలు సవరిస్తే 11, 3, 3. కూడితే 17. అసలు మొత్తం 16.98 లక్షలు, అంటే 17. ఎక్కడా తప్పు లేదు, సవరింపులో చిల్లర రాలిపోయిందంతే. పట్టిక కింద ‘సవరింపు వల్ల మొత్తాలు కలవకపోవచ్చు’ అని ఒక ముక్క రాస్తే చాలు. కానీ కలవని పట్టిక పంపితే పరువు పోతుందని మార్కాపురం 6ను 7 చేస్తారు. మార్కాపురానికి ఒక్క కలంపోటుతో యాభై నాలుగు వేల అమ్మకం వచ్చిపడుతుంది. శాఖ మేనేజరుకు ఇన్సెంటివ్ కూడా రావచ్చు, అదృష్టవంతుడు.

అడ్డం నిలువు ఎంత శుభ్రంగా కలిసినా చెప్పలేని సంగతులు ఇంకా ఉన్నాయి. గిద్దలూరు గోడౌన్ నుంచి కంభానికి పంపిన సరుకును గిద్దలూరు అమ్మకంగా ఒకసారి, కంభం అమ్మకంగా మరోసారి ఎక్కిస్తే పట్టిక కలుస్తుంది, శాఖలు ఫోన్లో చెప్పిన మొత్తాలూ కలుస్తాయి. గోడౌన్ రిజిస్టర్ ఒక్కటే ఎదురు తిరుగుతుంది. బిల్లే రాయకుండా చేసిన అమ్మకం పట్టికలోకి రానే రాదు. ఊళ్ల పేర్ల కింద ఏముందో కూడా కూడికకు పట్టదు. 2022 ఏప్రిల్ 4న ప్రకాశం జిల్లా నుంచి అద్దంకి, చీరాల, పర్చూరు బాపట్ల జిల్లాకు, కందుకూరు నెల్లూరుకు వెళ్లాయి. ‘ప్రకాశం’ అన్న ఆ ఏడాది వరసను అంతకుముందు ఏడాదితో పోల్చి అమ్మకాలు పడిపోయాయని అప్పట్లో ఆ జిల్లా పశ్చిమాన ఉన్న మార్కాపురం, గిద్దలూరు శాఖలను నిలదీస్తే, రెండేళ్ల పట్టికలూ అడ్డం నిలువు చక్కగా కలిసే ఉంటాయి.

కాబట్టి ఈసారి “కలిసిందా?” అని అడిగే మేనేజర్ గారు “దేంతో కలిసింది?” అని కూడా అడగాలి. జవాబు “దాంతోనే సార్” అని వస్తే బిల్లు పుస్తకం తెప్పించుకోవాలి. మన ఉదాహరణలో గిద్దలూరు గడిలో 356ను 365 చేసి, ‘ఇతరములు’ వరసను కొట్టేస్తే సరిపోతుంది.