నెలకు రెండు వేలేగా!

మీ దగ్గర దాచడమెందుకు, వస్తువు ధర ఎంతని అడగడం నేను ఎప్పుడో మానేశాను. "నెలకు ఎంత పడుతుంది?" అని మాత్రమే అడిగేవాణ్ని. మీరూ ఎప్పుడో ఒకసారి అడిగే ఉంటారు.

మొదట ఫోను కొన్నాను. 24,000 రూపాయలు, పన్నెండు నెలల నో కాస్ట్ ఈఎంఐ, నెలకు 2,000. డబ్బంతా ఒకేసారి కడితే 1,500 తగ్గిస్తానన్నాడు షాపతను. వాయిదాల్లోనే లాభమనుకుని ఆ తగ్గింపు వదిలేశాను. పైగా ప్రాసెసింగ్ ఫీజు, దాని మీద జీఎస్టీ కట్టాను. వదులుకున్న ఆ 1,500 వడ్డీ కాక మరేమిటి? సున్నా వడ్డీ అనేదే లేదని, వడ్డీని ఫీజుల్లో దాచవద్దని రిజర్వ్ బ్యాంకు 2013లోనే బ్యాంకులకు చెప్పింది.

వాయిదా కట్టిన కొద్దీ ఈఎంఐ కార్డులో లిమిట్ మళ్లీ తెరుచుకునేది. అది నాకు అప్పులా కాక చేతిలో డబ్బులా కనిపించేది. అలా ఫ్రిజ్‌కి 2,200, టీవీకి 2,600, మా ఆవిడ ఫోనుకి 1,500, ఆఖరికి మిక్సీకి కూడా 700. ఇవి చాలవన్నట్టు కిరాణా, బట్టలు "తర్వాత కట్టండి" అనే యాప్‌లో. ఆ బిల్లు నెలకు 3,400 దాకా వచ్చేది. విడివిడిగా చూస్తే ఏదీ పెద్దది కాదు. అన్నీ కలిపితే 12,400. నా జీతం 36,000, ఇంటద్దె 11,000. ఈ కూడిక నేనెప్పుడూ వెయ్యలేదు. ఏ షాపువాడూ పాత వాయిదాలెన్ని ఉన్నాయని అడగలేదు.

ఒక నెల జీతం రెండు రోజులు ఆలస్యమైంది, అంతే! ఐదో తారీఖు పొద్దున్నే ఐదు ఆటో డెబిట్లూ వరసగా బౌన్సయ్యాయి, ఒక్కోదానికి మా బ్యాంకు జీఎస్టీతో కలిపి 590 చొప్పున 2,950 కోసుకుంది, అప్పిచ్చినవాళ్లు ఎవరికి వాళ్లు మళ్లీ బౌన్స్ చార్జీ వేశారు, యాప్ బిల్లుకి లేటు ఫీజు పడింది, ఆ బిల్లు కట్టలేక దాన్నే మూడు నెలల వాయిదాలుగా మార్చాను, ఈసారి వడ్డీతో! అప్పు తీర్చడానికి ఇంకో అప్పు చేసి, గండం గట్టెక్కిందనుకున్నాను.

తర్వాత క్రెడిట్ రిపోర్టు తీసి చూశాను. ఏడాదికి ఒకసారి ఉచితంగానే ఇస్తారు. అందులో మిక్సీ కూడా విడిగా ఒక లోన్ ఖాతా. ఇంట్లో నాకు వస్తువులు కనిపించేవి, అక్కడ వరసగా అప్పులు కనిపించాయి. ఆ రాత్రే ప్రతి వాయిదాకీ తారీఖు, మిగిలిన మొత్తం కాగితం మీద రాసి మా ఆవిడ ముందు పెట్టాను.

ముందు మిక్సీ తీర్చేశాం. వడ్డీ పడుతున్నది యాప్ బిల్లుకే కాబట్టి తర్వాత దాన్ని మూసేశాం. ఆటో డెబిట్ రద్దు చేసుకుంటే పీడ పోతుందని ఒక మిత్రుడు సలహా ఇచ్చాడు. రద్దు చేస్తే ఖాతాలోంచి డబ్బు పోవడం ఆగుతుంది కానీ అప్పు ఆగదు, ఆలస్యం రిపోర్టులోకి ఎక్కుతుంది. అందుకే బాకీ మొత్తం కట్టి, అప్పు తీరినట్టు ఉత్తరం చేతికొచ్చాకే ఒక్కోదాన్నీ రద్దు చేస్తున్నాం.