నీలి టిక్కుల మౌనవ్రతం

బీటెక్ ఆఖరి ఏడాది ప్రాజెక్టు బ్యాచ్‌లో సాధారణంగా నలుగురుంటారు. ఒకరు పని చేస్తారు, ఒకరు మెచ్చుకుంటారు, ఒకరు ఊళ్లో ఉంటారు, ఒకరు ‘ఓకే బ్రో’ అంటారు. పని చేసే ప్రాణిని బ్యాచ్ లీడర్ అంటారు. రివ్యూ ముందు వారంలో ఈ ప్రాణి చదువు మానేసి గుర్తుచేయడం వృత్తిగా స్వీకరిస్తుంది.

తొలి రిమైండర్ వాట్సాప్ గ్రూపులో పడుతుంది: ‘ఫ్రెండ్స్, ఎవరి పార్టు వాళ్లు త్వరగా పంపండి ప్లీజ్.’ దీనికి మూడు బొటనవేళ్లు వస్తాయి, చాప్టర్లు రావు. ‘ఫ్రెండ్స్’ అనేది ఎవరి పేరూ కాదు, ‘త్వరగా’ అనే తేదీ ఏ క్యాలెండర్‌లోనూ లేదు. అందరికీ చెప్పిన పని ఎవరికీ చెప్పనట్టే. డార్లీ, లాటానే అనే మనస్తత్వవేత్తలు 1968లో ప్రచురించిన ప్రయోగంలో, పక్క గదిలో మనిషికి మూర్ఛ వచ్చినట్టు వినిపించినప్పుడు, తానొక్కడే విన్నాననుకున్నవారిలో 85 శాతం ఆ మూర్ఛ ముగిసేలోపే సాయానికి కదిలారు. మరో నలుగురు వింటున్నారనుకున్నవారిలో ఆలోపు కదిలింది 31 శాతమే. మూర్ఛకే కదలనివాళ్లు మూడో చాప్టర్‌కు కదలరు.

రెండో దశ నిఘా. విడి చాట్‌లో నీలి టిక్కులు దాచుకోవచ్చుగానీ గ్రూపులో ఆ వీలు లేదు. మెసేజ్ ఇన్ఫో నొక్కితే ఎవరు చూశారో తెలిసిపోతుంది. అయితే ఈ సాక్ష్యం బయటపెట్టేది కాదు. ‘చూసి కూడా పలకరా?’ అని గ్రూపులో అడిగితే చర్చ చాప్టర్ వదిలి ఆత్మగౌరవం మీదికి మళ్లుతుంది.

ఫలించేది మూడో పద్ధతి. రివ్యూ శుక్రవారం ఉదయం, గైడ్ డాక్యుమెంట్ అడిగింది గురువారం మధ్యాహ్నానికి అనుకుందాం. నాలుగు చాప్టర్లు నాలుగు ఫాంట్లలో వస్తాయి కాబట్టి కలిపి, పేజీ నంబర్లూ బొమ్మల నంబర్లూ సరిచేయడానికి ఒక రాత్రి పడుతుంది. కాబట్టి అసలు గడువు బుధవారం రాత్రి 8. సోమవారమే విడిగా ఇలా పంపాలి: ‘మామా, మూడో చాప్టర్ బుధవారం రాత్రి 8కి ఇస్తావా? ఆ రాత్రే అన్నీ కలపాలి. సగమే అయినా పంపు. కుదరదంటే రేపే చెప్పు, మిగతాది పంచుకుందాం.’

ఇందులో పనిచేసే ముక్క ‘సగమే అయినా’. పలకనివాడు చాలాసార్లు పొగరుబోతు కాడు, ఇంకా మొదలెట్టనివాడు. సున్నా ఉందని చెప్పలేక మౌనం పాటిస్తాడు. మంగళవారం రాత్రికీ జవాబు లేకపోతే మరో మెసేజ్ అనవసరం, ఫోన్ చేయాలి. ఫోన్ ఎత్తకపోతే ఆ చాప్టర్‌ను మిగిలిన ముగ్గురూ పంచుకోవాలి. గడువు ఒకరోజు ముందని అబద్ధం చెప్పే చిట్కా ఒక్కసారే పారుతుంది. రెండోసారి ఆ రోజును కూడా లెక్కలో కలుపుకుంటారు.

బుధవారం రాత్రి 11.40కి ఫైలు వస్తుంది. పేరు `final_final2.docx`. వికీపీడియా లింకులు నీలిరంగులో అలాగే ఉంటాయి. కింద ఒక వాక్యం: ‘సారీ మామా, ఇప్పుడే చూశా.’ మెసేజ్ ఇన్ఫోలో సోమవారం సాయంత్రం 6.12 అని ఉంటుంది. దాన్ని చూసి, ఏమీ అనకుండా, ఫాంటు మార్చడం మొదలెట్టేవాడే బ్యాచ్ లీడర్.