పెట్టె కొలవొద్దు, పిన్‌కోడ్ అడగొద్దు

ఆత్రేయపురం పూతరేకుల్ని ఆన్‌లైన్‌లో అమ్మబోతున్నారా? సైట్ సిద్ధం, ఫొటోలు అదిరాయి, ఇక మిగిలింది డెలివరీ చార్జీల పట్టిక. దీనికోసం కొందరు టేపూ తక్కెడా ముందేసుకుని కూర్చుంటారు. మీకంత ఖర్మేమిటి? ఈ కింది చిట్కాలు పాటించండి చాలు.

ముందు బరువు సంగతి. డబ్బా మీద 400 గ్రాములని అచ్చేసి ఉందిగా, సైట్‌లోనూ అదే ఎక్కించండి. డబ్బా, చుట్టూ బబుల్ షీటు, పైన అట్టపెట్టె కలిపి ఇంకో 200 గ్రాములు తూగుతాయి కానీ, వాటిని తినం కదా, లెక్కలోకెందుకు? కొరియర్ వాళ్లు సాధారణంగా అరకేజీ మెట్ల చొప్పున తీసుకుంటారు. మొదటి అరకేజీకి 50, ఆ పైన ప్రతి అరకేజీకి 40 రూపాయలు అనుకుందాం. మీ 400 గ్రాములు మొదటి మెట్టులోనే ఇమిడిపోయాయి. కొనేవారి దగ్గర 50 తీసుకోండి.

పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు మాత్రం చస్తే కొలవకండి. కొలిస్తే నిద్ర పట్టదు. పూతరేకులు నలగకూడదని మీరు తెచ్చిన పెట్టె 30 సెంటీమీటర్ల పొడవు, 25 వెడల్పు, 12 ఎత్తు. ఆ మూడూ గుణిస్తే 9,000. చాలా కొరియర్లు దాన్ని 5,000తో భాగిస్తాయి: 1.8. దీన్నే వాల్యూమెట్రిక్ వెయిట్ అంటారు. అసలు తూకం, ఇది, రెంటిలో ఏది ఎక్కువైతే దానికే బిల్లు. అంటే 600 గ్రాముల పార్సిల్ కాస్తా 1.8 కేజీలై, పై మెట్టుకు ఎగబాకి 2 కేజీలవుతుంది. 50కి మూడు నలభైలు కలిపితే 170. మీరు తీసుకున్నది 50. ఆ 120 ఎటు పోయిందో నెలాఖరున వచ్చే ‘వెయిట్ డిస్క్రెపెన్సీ’ కాగితం చెబుతుంది. దాన్ని తెరవకండి. కొలతలు కనబడేలా పెట్టె ఫొటో తీసి ఉంచుకుంటే వాళ్లతో వాదించొచ్చట. వాదనలు మనకెందుకు, పెద్దమనుషులం.

జోన్‌కి వద్దాం. పార్సిల్ బయల్దేరే పిన్‌కోడ్, చేరే పిన్‌కోడ్ రెండూ చూసి జోన్ తేల్చాలని కొరియర్ వాళ్ల రేట్ కార్డు చెబుతుంది. అంత గొడవ వద్దు. కొనేవారు ఎంచుకున్న రాష్ట్రం పేరు చూసి తేల్చేయండి. యానాం నుంచి ఆర్డరొచ్చిందనుకోండి, రాష్ట్రం దగ్గర పుదుచ్చేరి అని ఉంటుంది. వెంటనే తమిళనాడు పక్కకు పంపుతున్నట్టు చార్జీ వేయండి. యానాం మన గోదావరి ఒడ్డునే ఉందనీ, దాని పిన్‌కోడూ ఆత్రేయపురానిదీ 533తోనే మొదలవుతాయనీ కొనేవారికి బాగా తెలుసు. అంత చార్జీ చూసి వాళ్లు బుట్ట వదిలేసి వెళ్లిపోతారు. పోనీండి, ఒక పార్సిల్ కట్టే పని తప్పింది.

పట్టికలో ‘మిగతా ఇండియా’ వరుసని అన్నిటికన్నా పైన పెట్టడం మరో మంచి అలవాటు. చాలా సైట్లు పైనుంచి చదువుతూ మొదట సరిపోయిన వరుస దగ్గరే ఆగిపోతాయి. కాబట్టి ఈశాన్య రాష్ట్రాలకీ జమ్మూ కశ్మీర్‌కీ మీరు కష్టపడి రాసిన ప్రత్యేక రేట్లు కిందే పడుంటాయి, ఎవరూ ముట్టుకోరు. ఈటానగర్‌కీ ఇందోర్‌కీ ఒకటే ధర. సమానత్వమంటే ఇదీ.

ఇక అసలు కిటుకు: ఆ ఊరికి డెలివరీ ఉందో లేదో డబ్బు కట్టాకే చూడండి. ముందే పిన్‌కోడ్ అడిగి ‘ఇక్కడికి పంపలేం’ అంటే బేరం పోదూ? కొరియర్ ఇచ్చిన పిన్‌కోడ్ల జాబితాలో ఆరంకెలూ చూడక్కర్లేదు, మొదటి మూడంకెలు చాలు. ఖమ్మంలో ఇస్తున్నారు కాబట్టి 507తో మొదలయ్యే ఊళ్లన్నిటికీ పచ్చ టిక్కు పెట్టేయండి. 2014లో ఆంధ్రలో కలిసిన చింతూరు పిన్‌కోడూ ఇంకా 507తోనే ఉంది. ఖమ్మం టౌనూ ఏజెన్సీ ఊరూ ఒకటేనా అని అడిగేవాళ్లుంటారు. ప్రైవేటు కొరియర్ వెళ్లని చోటికి స్పీడ్ పోస్టును రెండో దారిగా పెట్టుకోమని సలహా కూడా ఇస్తారు. నవ్వి ఊరుకోండి.

క్యాష్ ఆన్ డెలివరీకి జాబితా వేరుగా ఉంటుంది. ముందే డబ్బు కడితే తీసుకెళ్లే ఊరికి, వసూలు చేసుకొచ్చే ఏర్పాటు లేకపోవచ్చు. అయినా ఆ బటన్ అందరికీ చూపించండి. పార్సిల్ వెనక్కొస్తే తిరుగు చార్జీ కూడా మీదే.

అన్నట్టు, చెకౌట్ వేళ కొరియర్ సర్వర్ జవాబివ్వకపోతే ఏం చేయాలి? ‘డెలివరీ లేదు’ అనడం వేరు, ‘ఇప్పుడు తెలియడం లేదు, కాసేపాగి చూడండి’ అనడం వేరు. మీకు ఈ తేడాలొద్దు. రేటు దొరకనప్పుడు ఖాళీగా వచ్చిన గడిని సున్నాగా తీసుకుని ‘ఫ్రీ డెలివరీ’ అని చూపించమని సైట్ కట్టిన కుర్రాడికి చెప్పండి. దీపావళి ముందు వారం సర్వర్లు బాగా మొరాయిస్తాయి. ఆర్డర్లు చూసుకోండి ఇక.