మహారాజశ్రీ కమిషనర్ గారికి, చెత్త గురించి

ఒక కాలనీ సంక్షేమ సంఘం అర్జీ "మహారాజశ్రీ కమిషనర్ గారి దివ్య సముఖమునకు" అని మొదలై, మూడు పేజీలు నడిచి, "తమ విధేయులు" దగ్గర ఆగింది. మధ్యలో సింధు నాగరికత మురుగు కాలవలు, గాంధీగారు, సింగపూర్ వరసగా వచ్చాయి. చెత్త బండి మాత్రం రెండో పేజీ చివర ఒక్కసారి కనిపించింది, అదీ "సక్రమముగా రావడం లేదు" అని.

ఎన్ని రోజులు రాలేదు, ఏ వీధికి రాలేదు అన్నది లేదు. అలాంటి అర్జీకి జవాబు రాయడం శానిటరీ ఇన్‌స్పెక్టర్‌కు కాఫీ తాగినంత తేలిక: "విచారించగా బండి ప్రతిరోజూ వస్తున్నట్లు తెలిసింది." అబద్ధం కూడా కాదు. బండి కాలనీలోకి వచ్చిందని జీపీఎస్ సాక్ష్యం చెబుతుంది. వచ్చి ఎక్కడిదాకా వెళ్లిందో జవాబులో ఎవరూ రాయరు.

నాలుగో వీధిలో ఒకావిడ వంటింటి క్యాలెండర్ మీద పాల లెక్క పక్కనే చెత్త లెక్క కూడా వేస్తుంది. రాని రోజుకు సున్నా. జూన్ నెల 30 గళ్లలో 11 సున్నాలు. ఐదు సోమవారాలకు ఐదూ సున్నాలే. కారణం కూడా ఆవిడే కనిపెట్టింది. ఆదివారం నాటి కోడి ఈకలూ, పుచ్చకాయ తొక్కలూ సోమవారం బండెక్కుతాయి. మూడో వీధికే ఆటో నిండిపోతుంది. దాన్ని ఖాళీ చేసుకుని రెండో ట్రిప్పు రావాలంటే డంపింగ్ కేంద్రం దగ్గర వరస. అది కదిలేసరికి మధ్యాహ్నం, డ్రైవరు ఇంటికి. అధ్యక్షులవారిది మొదటి వీధి కనక ఆయనకు బండి రాని రోజే లేదు.

అర్జీ పంపేముందు కమిటీ సమావేశంలో ఆ క్యాలెండర్ జిరాక్సు జతచేద్దామన్నారు. అధ్యక్షులవారు ఒప్పుకున్నారు, గాంధీగారిని తీయకూడదన్న షరతు మీద.

అసలు గొడవ కార్యదర్శి చేర్చిన ఒక వాక్యం దగ్గర వచ్చింది: "మా సభ్యులు తడి, పొడి చెత్త వేరుచేసి ఇస్తున్నారు." నిజమా అని ఎవరో అడిగారు. 2016 ఘనవ్యర్థాల నిబంధనల ప్రకారం, చెత్త ఇంటి దగ్గరే వేరయ్యేలా స్థానిక సంస్థతో కలిసి చూడాల్సిన బాధ్యత నివాసుల సంఘాల మీద కూడా పడింది; అందుకు ఏడాది గడువిచ్చారు. ఆ గడువు దాటి సంఘానికి ముగ్గురు అధ్యక్షులు మారారు. డైపర్లూ సాంబారూ ఇప్పటికీ ఒకే సంచీలో కాపురం. వాక్యాన్ని మెజారిటీ తీర్మానంతో తొలగించారు. గట్టిగా ఆలోచిస్తే, ఆ సంఘం అర్జీలో నిజాయితీగా జరిగిన పని అదొక్కటే.

అర్జీ ఇన్‌వార్డులో ముద్ర వేయించుకుని, "తగు చర్య నిమిత్తం" మెట్టుమెట్టుగా దిగి, చివరికి ఆ ఆటో డ్రైవరు చేతికే చేరింది. తర్వాతి సోమవారం ఉదయం కార్యదర్శి ఫోనుకు సందేశం: మీ ఫిర్యాదు పరిష్కరించబడినది.

నాలుగో వీధి ఆవిడ ఆ గడిలో సున్నా చుట్టి, పక్కన చిన్న అక్షరాలతో "మెసేజ్ వచ్చింది" అని రాసుకుంది.