క్షయ సమీకరణం సరిచూడటానికి పనికిరాని చిట్కాలు

పుట్టపర్తి గుట్టల్లోని గ్రానైట్ ముక్క ఒకటి చేతిలోకి తీసుకుని చూడండి. అందులో లేత గులాబీ రంగు గింజలుంటే అవి చాలావరకు పొటాషియం ఫెల్డ్‌స్పార్. ఆ పొటాషియంలో పదివేల పరమాణువులకు సుమారు ఒకటి పొటాషియం-40. ఇది రేడియోధార్మికం, అర్ధాయువు సుమారు 125 కోట్ల సంవత్సరాలు. ఇంటర్ పిల్లల మధ్య చెలామణిలో ఉన్న చిట్కాలు ఎక్కడ దారి తప్పిస్తాయో ఈ ఒక్క కేంద్రకమే చాలావరకు చూపిస్తుంది.

"బీటాలో ఎలక్ట్రాన్ బయటికి పోతుంది, కాబట్టి కింద ఒకటి తగ్గించు."

ఎక్కువ మార్కులు పోగొట్టేది ఈ చిట్కాయే. దీన్ని నమ్మితే పొటాషియం 19 నుంచి 18కి దిగి ఆర్గాన్ అవుతుంది:

⁴⁰₁₉K → ⁴⁰₁₈Ar + ⁰₋₁e

పై వరస, అంటే ద్రవ్యరాశి సంఖ్య, రెండు వైపులా 40. అది చూసి ధైర్యపడకండి, కింది వరస కూడా కూడండి. ఎడమ పక్క 19, కుడి పక్క 18 + (−1) = 17. రెండు తేడా వచ్చింది. బయటికి పోయిన ఎలక్ట్రాన్ పరమాణువు చుట్టూ తిరిగేవాటిలోది కాదు. కేంద్రకంలో ఒక న్యూట్రాన్ ప్రోటాన్‌గా మారేటప్పుడు అప్పటికప్పుడు పుట్టింది. అందుకే ప్రోటాన్లు ఒకటి పెరిగి 20 అవుతాయి, మూలకం కాల్షియం అవుతుంది:

⁴⁰₁₉K → ⁴⁰₂₀Ca + ⁰₋₁e + ν̄

ఇప్పుడు 20 − 1 = 19, సరిపోయింది. పొటాషియం-40 కేంద్రకాల్లో సుమారు 89 శాతం ఈ దారినే పోతాయి.

"ఎలక్ట్రాన్ ఎప్పుడూ కుడివైపే రాయాలి."

మరి మిగిలిన సుమారు 11 శాతం? అవి నిజంగానే ఆర్గాన్ అవుతాయి, కానీ ఎలక్ట్రాన్‌ను వదిలి కాదు, మింగి. పరమాణువు లోపలి కక్ష్యలోని ఎలక్ట్రాన్‌ను కేంద్రకమే లాగేసుకుంటుంది. కాబట్టి అది బాణానికి ఎడమవైపు ఉండాలి:

⁴⁰₁₉K + ⁰₋₁e → ⁴⁰₁₈Ar + ν

ఎడమ పక్క 19 − 1 = 18, కుడి పక్క 18. మన గాలిలో ఒక శాతానికి కొంచెం తక్కువగా ఉన్న ఆర్గాన్‌లో దాదాపు అంతా ఇలా రాళ్లలోని పొటాషియం నుంచి వచ్చిందే.

"పై వరస సరిపోతే కిందిది దానంతటదే సరిపోతుంది."

కడప జిల్లా తుమ్మలపల్లె గనిలో తవ్వే యురేనియం ఖనిజాన్ని తీసుకుందాం. యురేనియం-238 మెట్టు మెట్టుగా దిగి చివరికి సీసం-206 దగ్గర ఆగుతుంది. పైన తేడా 32. ఒక్కో ఆల్ఫాకు 4 చొప్పున 8 ఆల్ఫాలు. ఇక్కడే పెన్ను మూసేస్తే తప్పే. 8 ఆల్ఫాలు కింద 16 తీసేస్తాయి, 92 నుంచి 76 మిగులుతుంది. సీసానిది 82. తగ్గిన ఆ 6ను 6 బీటాలు పూడ్చాలి. బీటాకు పైన సున్నా కాబట్టి పై వరసకు దాని ఉనికే తెలియదు.

"రెండు వరసలూ కుదిరాయంటే సమీకరణం నిజమే."

ఈ చిట్కాను పిల్లలే కాదు, పేపరు దిద్దేవాళ్లూ నమ్ముతారు. కింది దాన్ని చూడండి:

⁴⁰₁₉K → ³⁶₁₇Cl + ⁴₂He

36 + 4 = 40, 17 + 2 = 19. లెక్కలో ఒక్క తప్పూ లేదు. అయినా ఇలాంటి క్షయం జరగదు. అసలు ద్రవ్యరాశులు చూస్తే కారణం తెలుస్తుంది. పొటాషియం-40 పరమాణువు 39.96400 u. క్లోరిన్-36ది 35.96831, హీలియంది 4.00260, కలిపితే 39.97091. పుట్టేవాటి బరువు పుట్టించేదానికన్నా ఎక్కువ. ఆ తేడాకు సరిపడా శక్తి బయటినుంచి రాకపోతే ఆ మార్పు సాధ్యం కాదు. కాల్షియం-40 మాత్రం 39.96259 u, పొటాషియం-40 కన్నా తక్కువ. ఆ మిగులే దాదాపు 1.31 MeV శక్తిగా బయటపడుతుంది.

న్యూట్రినోకు పైనా కిందా సున్నాలే. దాన్ని రాయడం మరిచిపోయినా రెండు వరసలూ చక్కగా కుదురుతాయి. కాబట్టి కూడికలు కుదరకపోతే సమీకరణం కచ్చితంగా తప్పు, కుదిరితే మాత్రం ఇంకా ద్రవ్యరాశి పరీక్ష మిగిలి ఉంది. ఆ పరీక్షలో కాల్షియం ద్రవ్యరాశికి బీటా ఎలక్ట్రాన్ బరువు మళ్లీ కలపకండి. పట్టికలో ఇచ్చేది తటస్థ పరమాణువు ద్రవ్యరాశి, కాల్షియం ఇరవయ్యో ఎలక్ట్రాన్ రూపంలో అది అందులో అప్పటికే ఉంది.