ఖైదీలు బజార్లో లేరు మాస్టారూ!

మేనేజీరియల్ ఎకనమిక్స్ ప్రశ్నపత్రాల్లో ఒక వింత దేశం ఉంది. అక్కడ ఏ సరుకైనా రెండే కంపెనీలు అమ్ముతాయి. ఒకదాని పేరు ఏ, రెండోదాని పేరు బీ. వాటి మేనేజర్లకు ఫోన్లుండవు, వ్యాపార సంఘముండదు, పక్కవాడి రేటు ఎంతో తెలుసుకునే దారి ఉండదు. పుట్టాక ఒకే ఒక్కసారి రేటు నిర్ణయించి, ఆ సాయంత్రమే దుకాణం కట్టేస్తారు. లాభాలు మాత్రం పైసా చిల్లర లేకుండా కోట్లలో వస్తాయి.

ఇక ప్రశ్న. ఇద్దరూ రేటు నిలబెడితే చెరో 10 కోట్లు. ఇద్దరూ తగ్గిస్తే చెరో 5. ఒకడు నిలబెట్టి ఇంకొకడు తగ్గిస్తే, తగ్గించినవాడికి 15, నిలబెట్టిన అమాయకుడికి 2. ఎవడేం చేస్తాడు?

మేఫా పేపరు రాసే బీటెక్ కుర్రాణ్ణి నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. అవతలివాడు నిలబెడితే నాకు 10 కంటే 15 మేలు. అవతలివాడు తగ్గిస్తే నాకు 2 కంటే 5 మేలు. ఎటు చూసినా తగ్గించడమే లాభం. ఇద్దరూ తగ్గిస్తారు, చెరో 5తో సరిపెట్టుకుంటారు. ఇదే నాష్ సమతౌల్యం, ఇదే ఖైదీల సందిగ్ధం. కాబట్టి పరిమితస్వామ్యంలో పోటీ వల్ల రేట్లు పడిపోవును. పదికి పది మార్కులు.

పాసైన ఆ కుర్రాడు ఇంటికెళ్తూ టీవీ రిమోట్‌కి పెన్సిల్ సెల్లు కొంటాడు. పేరున్న కంపెనీలను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. పడిపోవలసిన రేటు పడదు. వాడు పుస్తకాన్ని అనుమానించడు, దుకాణదారుణ్ణి అనుమానిస్తాడు.

లెక్క తప్పు కాదు. ఆట తప్పు. కంపెనీలు రేపు కూడా తెరుచుకుంటాయన్న చిన్న సంగతి ప్రశ్న రాసినవారు మరచిపోయారు. అదే పట్టిక తీసుకుని ఆ ఒక్క సంగతీ కలిపి చూడండి. ఈ ఏడు నేను రేటు తగ్గిస్తే 10 బదులు 15 వస్తాయి, అంటే 5 కోట్లు అదనం. వచ్చే ఏటికి అవతలివాడూ తగ్గిస్తాడు. అప్పట్నుంచి ఏటా 10 రావలసిన చోట 5 వస్తాయి. ఒక్కసారి 5 వచ్చి, ఇక ఏటేటా 5 పోతాయన్నమాట. నూటికి పది వడ్డీ లెక్కన ఆ పోయేదంతా నేటి విలువలో 50 కోట్లు. 5 కోసం 50 వదులుకునే మేనేజరుకు ఎంబీఏ ఎవరిచ్చారు? తగ్గించడం గిట్టాలంటే వడ్డీ నూటికి నూరు దాటాలి. అంత వడ్డీకి అప్పు తెచ్చే కంపెనీకి సెల్లు అమ్ముకునే యోగం ఉండదు.

దొంగచాటుగా తగ్గిస్తేనో? దొరకనన్నాళ్లూ లాభమే. ఇదే పట్టిక మీద, అదే పది శాతం వడ్డీకి, గిట్టుబాటు కావాలంటే ఎనిమిదేళ్లు దొరక్కుండా ఉండాలి. సెల్లు మీద ఎమ్మార్పీ అచ్చేసి ఉంటుంది. కొనేవాడి మేలుకోసం పెట్టిన ఆ అచ్చే పోటీదారు కాపలా పనికీ వస్తుంది. ఎనిమిదేళ్లు కాదు, ఎనిమిది రోజులు దాచడమే కష్టం. డీలరుకు లోపాయికారీగా ఇచ్చే డిస్కౌంటయితే దాగుతుంది. రేట్ల కట్టు తెగితే అక్కడే తెగాలి. పరీక్షలో అడగవలసిన ప్రశ్న అది, అందుకే అడగరు.

ఇది నేను కొత్తగా కనిపెట్టిన సంగతేమీ కాదు. 1950లో రాండ్ సంస్థలో ఫ్లడ్, డ్రెషర్ ఈ ఆటను మొదటిసారి ఆడించినప్పుడు ఆర్థికవేత్త ఆల్చియన్, గణితవేత్త విలియమ్స్ వరసగా వందసార్లు ఆడారు. ఆల్చియన్ 68 సార్లు, విలియమ్స్ 78 సార్లు సహకరించారు. టకర్ దానికి ఖైదీల కథ తొడిగింది ఆ తరవాతే. ఆట ఆడిన మొట్టమొదటి ఇద్దరికీ మన పేపరు వాల్యుయేషన్‌లో పాస్ మార్కులు రావు.

ఇక మన సెల్లుల కథ. ఎవరెడీ, పానసోనిక్ కంపెనీలూ, నిప్పో అమ్మే ఇండో నేషనలూ కలిసి 2009 మే నుంచి 2016 ఆగస్టు దాకా రేట్లు కూడబలుక్కున్నాయని కాంపిటీషన్ కమిషన్ తేల్చింది. వాటి వ్యాపార సంఘం పీట వేసింది. పద్ధతి కూడా ముచ్చటైనదే. ఒకరు ముందుగా రేటు పెంచి పత్రికలకు ప్రకటన ఇస్తారు, మిగతావాళ్లు దాన్ని చూసి అనుసరించినట్టు నటిస్తారు. దీన్ని మన సిలబస్‌లో ధరల నాయకత్వం అంటారు, దానికి వేరే మార్కులుంటాయి. ఏడేళ్లపాటు ఏ ఖైదీకీ ఏ సందిగ్ధమూ కలగలేదు.

సందిగ్ధం కలిగింది చివర్లో, అదీ బజార్లో కాదు, కమిషన్ గుమ్మంలో. కాంపిటీషన్ చట్టం 46వ సెక్షన్ కింద కార్టెల్ గుట్టు ముందుగా చెప్పినవారికి జరిమానాలో నూరు శాతం దాకా మాఫీ. అప్పటి నిబంధనల్లో రెండోవారికి 50 దాకా, మూడోవారికి 30 దాకా. ఇదీ అసలైన పోలీసు గది! ఇక్కడ వాయిదాలు లేవు, వచ్చే ఏడు లేదు, ఎవడు ముందు నోరు విప్పితే వాడు బయటపడతాడు. పానసోనిక్ ముందు విప్పింది. ఆ తరవాత సోదాలు జరిగాయి, అప్పుడు మిగతా ఇద్దరూ పరుగెత్తుకొచ్చారు. 2018 ఏప్రిల్ ఉత్తర్వులో పానసోనిక్‌కు 74 కోట్ల పైచిలుకు జరిమానా మొత్తం మాఫీ. 30 శాతం తగ్గింపు పోగా ఎవరెడీకి 171 కోట్లు, 20 శాతం పోగా ఇండో నేషనల్‌కు 42 కోట్లు మిగిలాయి. అంటే ఖైదీల సందిగ్ధం రేట్లు ఎందుకు పడతాయో చెప్పే సూత్రం కాదు. రేట్లు ఎలా పడగొట్టాలో తెలిసి చట్టం పన్నిన ఉచ్చు. మన పేపర్లు ఉచ్చును పట్టుకొచ్చి, ఇదే అడవి అంటున్నాయి.

మళ్లీ ఆడే ఆటలో రేట్లు ఎప్పుడూ నిలబడి తీరతాయనీ కాదు. నిలబడవచ్చు, కూలవచ్చు, ఎన్నో సమతౌల్యాలుంటాయి. ఏది జరుగుతుందో చెప్పాలంటే కంపెనీలెన్ని, ఒకరి రేటు ఒకరికి ఎంత త్వరగా తెలుస్తుంది, కొత్తవాడు వచ్చి పడే దారుందా అని చూడాలి. నాలుగు గళ్ల పట్టికలో ఇవేవీ పట్టవు.

ఆ పట్టికలో పట్టనిది ఇంకొకటుంది. ఇద్దరికీ చెరో 10 వచ్చే గడిని పాఠాల్లో ఉత్తమ ఫలితం అంటారు. చెరో 5 వచ్చే గడి దగ్గరకొచ్చేసరికి, అయ్యో, స్వార్థంతో ఇద్దరూ నష్టపోయారే అని విద్యార్థి చేత కంటతడి పెట్టిస్తారు. ఆ అదనపు పది కోట్లు ఎవరి జేబులోంచి వచ్చాయో ఏ గడిలోనూ లేదు. జైల్లో ఖైదీలు కుమ్మక్కైతే నష్టం పోలీసుకు, బజార్లో కుమ్మక్కైతే నష్టం మనకు. రేట్లు కట్టగట్టుకుని పెంచినవాణ్ణి చూసి జాలిపడమని నేర్పే శాస్త్రం ఇదొక్కటే అయి ఉంటుంది.

కనుక ప్రశ్నపత్రాల పెద్దలకు ఒక విన్నపం. మీ పట్టిక మీరుంచుకోండి. దాని కింద మూడు ప్రశ్నలు కలపండి: ఈ ఆట ఎన్నిసార్లు ఆడతారు? తగ్గించినవాడు ఎన్నాళ్లకు దొరుకుతాడు? బిల్లు ఎవడు కడతాడు? ఈ మూడూ అడిగాక కూడా మీ కీలో 'రేట్లు పడిపోవును' అనే ఉంటే, మార్కులు కుర్రాడికి కాదు, మీ పేపరు దిద్ది కంపెనీల వ్యాపార సంఘమే మీకు వెయ్యాలి.